‘పర్లేదు’ దగ్గర ఆగిపోయిన స్టిక్కర్: ఒక కేసు

మంటల్లో కూర్చుని కాఫీ తాగే కుక్క బొమ్మ మీలో చాలామంది ఫోన్లలో ఉండే ఉంటుంది. చిన్న టోపీ, ముందు కప్పు, చుట్టూ గది అంటుకుని మండుతూ ఉంటుంది. కుక్క మాత్రం నవ్వు ముఖంతో ‘పర్లేదు’ అంటుంది. నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఆ బొమ్మను నవ్వుకునే వస్తువుగా కాకుండా కేసు ఫైల్లో పెట్టుకునే వస్తువుగా చూడాల్సి వచ్చిన సందర్భం ఒకటుంది. దాన్ని ఆ కుటుంబం అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

ఆయనకు 36 ఏళ్ళు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీముకి లీడ్. నా దగ్గరికి డబ్బు సమస్య అని రాలేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి ఛాతీ పట్టేసినట్టు అవుతోందని ఫిజీషియన్ దగ్గరికి వెళ్తే, ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అన్నీ చూసి గుండెకేమీ లేదని తేల్చి, ఆయనే నా దగ్గరికి పంపారు. వెంట భార్య వచ్చారు. టెన్షన్ ఏమైనా ఉందా అని అడిగితే ఆయన హాయిగా నవ్వి, “పెద్దగా ఏం లేదు మేడమ్. అందరికీ ఉండేదే” అన్నారు. ఆవిడ ఏమీ మాట్లాడకుండా తన ఫోన్‌లో వాట్సాప్ తెరిచి నా ముందు పెట్టారు.

“ఈ నెల కార్డు బిల్లు కట్టారా?” అని ఆవిడ మెసేజ్. కింద కుక్క స్టిక్కర్. “ఎవరో కొత్త నంబర్ నుంచి మీ గురించి ఫోన్ చేశారండీ.” కింద కుక్క స్టిక్కర్. ఆవిడ పైకి జరుపుతూ పోయారు. నాలుగు నెలల చాట్ అది. తర్వాత ఆయన్నే లెక్కపెట్టమంటే 26 సార్లు తేలింది, అందులో 22 డబ్బు మాట వచ్చినప్పుడే. ఆఫీసు గ్రూపులో అదే స్టిక్కర్‌ను ఆయన రిలీజ్ రోజున జోక్‌గా పెట్టేవారు. ఇంట్లో అది జోక్ కాదు, జవాబు.

మొదటి రోజు డిప్రెషన్‌ని కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 13, ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 14 వచ్చాయి. అంటే డిప్రెషన్, ఆందోళన రెండూ మధ్యస్థం. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు ఆయన సున్నా వేశారు. అయినా భార్యను బయట కూర్చోబెట్టి నోటితో మళ్ళీ అడిగాను. అప్పుల మాట దాచే మనిషి కాగితం మీద ఆ ప్రశ్నకు నిజం రాస్తాడనే నమ్మకం నాకు లేదు. అలాంటి ఆలోచనలు లేవన్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 మాత్రం ఇద్దరి ఫోన్లలోనూ సేవ్ చేయించాను.

కథ ఇలా మొదలైంది. పద్నాలుగు నెలల క్రితం వాళ్ళ నాన్నగారికి ఉన్నట్టుండి ఆపరేషన్ పడింది. ఇన్సూరెన్స్ కొంతే ఇచ్చింది, మిగతాది క్రెడిట్ కార్డు గీకారు. అప్పటికే కడుతున్న ఫ్లాటు చేతికొచ్చేదాకా లోను వడ్డీ కింద కట్టే ప్రీ-ఈఎంఐ, ఉంటున్న ఇంటికి అద్దె, రెండూ నడుస్తున్నాయి. తర్వాత ఓ యాప్‌లో చిన్న లోన్ తీసుకున్నారు. కార్డుకి ‘మినిమమ్ డ్యూ’ మాత్రం నెలనెలా దానంతటదే కట్ అయ్యేలా పెట్టుకున్నారు. ఆ తర్వాత స్టేట్‌మెంట్ తెరవలేదు.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. రెండో సెషన్‌లోనే, “మీ దగ్గర ఫోనుంది కదా, స్టేట్‌మెంట్ ఇప్పుడు కలిసి తెరుద్దామా?” అన్నాను. ఆయన క్షణం కూడా తడుముకోకుండా “పర్లేదు మేడమ్, తెరుద్దాం. వచ్చేసారి తప్పకుండా” అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకోవడమే నాకు తట్టాల్సిన సూచన. వచ్చేసారి ఆయన రాలేదు. ఆఫీసులో కాల్ ఉందని మెసేజ్ పెట్టారు, కింద కుక్క. అంటే అప్పటికి ఆయన గదిలో మండుతున్నవాటిలో నేనూ ఒకదాన్ని అయిపోయాను.

ఆ ఖాళీ వారంలో నోట్స్ మళ్ళీ చదువుకుంటే నేను అడగని ప్రశ్న ఒకటి కనిపించింది. ఈ ‘పర్లేదు’ ఆయనకు ఎప్పుడు పనికొచ్చింది? ఎప్పుడో పనికొచ్చి ఉండకపోతే ఇంతకాలం పట్టుకుని ఉండరు. నాలుగో వారం వచ్చినప్పుడు స్టేట్‌మెంట్ ఊసెత్తకుండా అదే అడిగాను. చాలాసేపటికి ఆయన ఆసుపత్రి వరండా గురించి చెప్పారు. నాన్న ఐసీయూలో ఉన్న నాలుగు రోజులు. అమ్మ పది నిమిషాలకోసారి “ఏమంటున్నార్రా డాక్టర్లు?” అని అడుగుతుంటే, ప్రతిసారీ “పర్లేదమ్మా, అంతా బాగానే ఉంది” అన్నారట. అంటూ అంటూ తనూ నమ్మారు. ఆ నమ్మకంతోనే సంతకాలు పెట్టారు, రక్తం ఏర్పాటు చేశారు, చెల్లెలికి టికెట్లు తీశారు.

ఆ నాలుగు రోజుల్లో ఆ మాటను నేనైనా తప్పుపట్టను. కళ్ళెదుట ఉన్నదాన్ని పట్టించుకోకుండా నెట్టేసే ఈ నిరాకరణను మొత్తంగా జబ్బు కింద కట్టేయడం మా రంగంలో పాత అలవాటు. ఒత్తిడి మీద జీవితకాలం పనిచేసిన రిచర్డ్ లాజరస్ 1980లలోనే దానికి లాభం, ఖర్చు రెండూ ఉన్నాయని వాదించాడు. గుండెజబ్బు రోగుల మీద 1987లో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని బాగా పట్టిస్తుంది. తమ జబ్బును బాగా కొట్టిపారేసేవాళ్ళు ఇంటెన్సివ్ కేర్‌లో తక్కువ రోజులు ఉన్నారు, ఆసుపత్రిలో ఉన్నంతకాలం వాళ్ళ పరిస్థితి మెరుగ్గానే ఉంది. ఇంటికెళ్ళాక ఏడాదిలో కథ తిరగబడింది. చెప్పిన జాగ్రత్తలు సరిగ్గా పాటించనిదీ, మళ్ళీ ఎక్కువ రోజులు ఆసుపత్రిలో పడుకోవాల్సి వచ్చిందీ వాళ్ళే. మనుషులు వాళ్ళే, మాటా అదే. మంచం మీద ఉండగా వేరేవాళ్ళు చూసుకునే పని, ఇంటికొచ్చాక వాళ్ళ చేతికి వచ్చింది, అంతే తేడా.

అందుకే నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది. ఈ మనిషి చేయగలిగిన పని ఏదైనా, ఆలస్యమయ్యేకొద్దీ కష్టమవుతోందా? లేదని జవాబు వస్తే ఆ ‘పర్లేదు’ని కదపను. బయాప్సీ రిపోర్టు కోసం ఎదురుచూసే మూడు రోజులు ఒకరు సీరియళ్ళు చూస్తూ గడిపితే చూడనిస్తాను. అవునంటే కదపాలి. ఐసీయూ వరండాలో ఈయన చేయాల్సినవన్నీ చేశారు. కార్డు దగ్గర మాత్రం చేయాల్సినదేదీ చేయడం లేదు, నెలనెలా అది పెరుగుతోంది.

మొత్తం ఎంత ఉంటుందనుకుంటున్నారని అడిగితే, “ఐదో ఆరో లక్షలు ఉంటుంది మేడమ్” అన్నారు. ఆశ్చర్యం లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటాం కదా, ఇది అది కాదు. ఈ కుక్క కళ్ళు బాగానే తెరుచుకుని ఉన్నాయి. చావు దగ్గరపడిన రోగులతో పనిచేసిన ఎవరీ వైస్‌మన్ అనే మానసిక వైద్యుడు 1972లో నిరాకరణను మెట్లుగా విడదీశాడు. మొదటి మెట్టు, అసలు విషయమే లేదనడం. రెండో మెట్టు, విషయం ఉంది కానీ దాని పర్యవసానం నాకు వర్తించదనడం. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రెండో మెట్టు మీదే ఉంటారు. మంట ఉందని ఒప్పుకుంటారు. కాబట్టి కుర్చీలోంచి లేవాలి అన్న దగ్గర ఆగిపోతారు.

దీన్ని పట్టుకోవడానికి నాకు ప్రశ్నావళి కంటే తెలుగు క్రియలే ఎక్కువ పనికొచ్చాయి. ఆయన ఎప్పుడూ ‘సర్దుకుంటుంది’ అనేవారు. ‘అదే సర్దుకుంటుంది.’ ‘ఏదో ఒకటి అవుతుంది.’ ‘చూద్దాం.’ ఈ మాటల్లో పనిచేసే మనిషి లేడు, తేదీ లేదు. నిజంగా కుదుటపడిన మనిషి కూడా ఇంతే ప్రశాంతంగా ఉంటాడు, కానీ తర్వాత ఏం చేస్తావని అడిగితే ‘సోమవారం బ్యాంకుకి వెళ్తాను’ అంటాడు. ‘సర్దుకుంటుంది’కీ ‘సర్దుతాను’కీ మధ్య దూరమే ఈ కేసులో మా పనంతా.

ఐదో సెషన్‌లో బొమ్మ మాట ఎత్తాను. “మీరు పంపే స్టిక్కర్ ఎక్కడిదో తెలుసా?” తెలియదన్నారు. అది కేసీ గ్రీన్ అనే అమెరికన్ కార్టూనిస్టు తన ‘గన్‌షో’ వెబ్‌కామిక్‌లో 2013 జనవరిలో వేసిన స్ట్రిప్. తన డిప్రెషన్ మందులు సరిగ్గా కుదరక తంటాలు పడుతున్న రోజుల్లో గీశానని ఆయనే తర్వాత చెప్పాడు. స్ట్రిప్‌లో ఆరు గడులున్నాయి. లోకమంతా తిరిగింది మొదటి రెండే. మంటల గది, ఆపైన ‘పర్లేదు’.

మిగతా నాలుగూ ల్యాప్‌టాప్‌లో చూపించాను. జరుగుతున్నదంతా తనకు సమ్మతమేనని కుక్క అంటుంది. కాఫీ గుటకేస్తుంది. ఈలోగా చేతికి అంటుకుంటుంది. అంతా బాగైపోతుందిలే అంటుంది. చివరి గడిలో మాట లేదు, ముఖం కరిగి జారిపోతూ ఉంటుంది.

ఆయన ఆ చివరి గడిని చాలాసేపు చూశారు. “ఇది ఇంతుందా?” అని మాత్రం అన్నారు. బొమ్మ చూపిస్తే జనం మారిపోతారని నేను చెప్పను, ఇంకొకరికి ఇదే చూపిస్తే నవ్వేసి ఊరుకోవచ్చు. ఈయన విషయంలో ఉపయోగపడింది ఒక్కటే. రెండో గడి దగ్గర కత్తిరిస్తే ఖర్చు కనిపించదని ఆయనకు కంటితో తెలిసింది. తన రోజును కూడా అక్కడే కత్తిరిస్తున్నారు. మేం కాగితం మీద ఆయన ఆరు గడులు గీశాం. బ్యాంకు మెసేజ్ మోగుతుంది. కడుపులో తిప్పుతుంది. ఫోన్ బోర్లా పెడతారు. రెండు నిమిషాల్లో హాయిగా ఉంటుంది. రాత్రి రెండింటికి ఛాతీ పట్టేస్తుంది. పొద్దున స్క్రీన్ మీద ఇంకో మెసేజ్. ఆయనకు గుర్తుండేది నాలుగో గడి వరకే. ఆ హాయే జీతం, అందుకే చెయ్యి మళ్ళీ మళ్ళీ ఫోన్‌ని బోర్లా తిప్పుతోంది. ఛాతీ నొప్పి పన్నెండు గంటల తర్వాత వస్తుంది కాబట్టి మనసు ఆ రెంటినీ కలపదు.

ఆ తర్వాత మెట్టుమెట్టుగా దిగాం. ఒక్కో మెట్టు దగ్గర భయం వందకి ఎంతుందో ఆయనే చెప్పాలి, అది సగానికి తగ్గేదాకా అక్కడే ఉండాలి. రెండే నిషేధాలు. ఫోన్ బోర్లా పెట్టకూడదు, ‘పర్లేదు’ అనకూడదు. మొదటి మెట్టు బ్యాంకు యాప్ బొమ్మను తెరవకుండా చూడటం, 45. తర్వాత యాప్ తెరిచి అంకె ఉన్నచోట చెయ్యి అడ్డం పెట్టి కూర్చోవడం. అది 75తో మొదలై పన్నెండు నిమిషాలకి 35కి వచ్చింది. ఆ పన్నెండు నిమిషాలూ నేను ధైర్యం చెప్పలేదు. నేను ‘ఏం కాదు’ అంటే ఆయన కుక్కను తీసేసి నా కుక్కను కూర్చోబెట్టినట్టే. ఆరో సెషన్‌లో చెయ్యి తీశారు.

కార్డు మీద 2,60,000. యాప్ లోన్ 1,14,000, అందులో రెండు వాయిదాలు తప్పాయి, కొత్త నంబర్ల ఫోన్లు అందుకే. మొత్తం 3,74,000. ఐదో ఆరో లక్షలని పద్నాలుగు నెలలుగా అనుకుంటున్న మనిషి. నిరాకరణలో ఉన్నవాళ్ళు సమస్యను చిన్నదిగా చూస్తారని పైనుంచి అనిపిస్తుంది. చూడని గదిలో మంట ఎంతైనా ఉండొచ్చు కాబట్టి లోపల అది పెరిగిపోతూ ఉంటుంది. ఆ రోజు ఆయన ముఖంలో నేను చూసింది ఊరటే.

కానీ ఆయనకు తెలియనిది ఒకటి బయటపడింది. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం. 2,60,000 మీద 9,100. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,638. రెండూ కలిపి 10,738. నెలనెలా కట్ అవుతున్న మినిమమ్ 13,000. అంటే అసలులోకి పోతున్నది 2,262 మాత్రమే, దాన్ని కొత్త కొనుగోళ్ళు మింగేస్తున్నాయి. “నెలనెలా కడుతూనే ఉన్నాను కదా మేడమ్!” అన్నారాయన. నిజమే, కట్టారు. ఆ ఆటో డెబిట్ కూడా ఒక స్టిక్కరే, నెలకోసారి బ్యాంకుకి పంపేది.

అంకె తెలిసిన వారం తేలికగా ఉంటుందనుకుంటారు. నేను ఎక్కువ జాగ్రత్తగా ఉండేది ఆ వారమే. కేసీ గ్రీన్ 2016లో అదే కుక్కతో ఇంకో స్ట్రిప్ వేశాడు. అందులో కుక్క ఇది బాగాలేదని అరిచి, లేచి మంట ఆర్పేస్తుంది. ఆర్పాక బూడిదలో కూర్చుని, ఇంతదాకా ఎందుకు రానిచ్చానని తనను తానే తిట్టుకుంటుంది. మొదటి స్ట్రిప్‌కి వచ్చిన పేరు దీనికి రాలేదు కానీ, నా ఉద్దేశంలో వైద్యం గదికి ఇదే దగ్గర. నిరాకరణ తెగిన చోట సిగ్గు వచ్చి కూర్చుంటుంది. ఈయనా ఆ బుధవారం ఫోన్ చేసి, “నాలాంటి వాడికి పెళ్ళెందుకు మేడమ్?” అన్నారు. మొదటి రోజు అడిగిన ప్రశ్నను ఆ పూట ఫోన్‌లోనే మళ్ళీ అడిగాను. చావాలని లేదు, ముఖం చూపించలేకపోతున్నాను అన్నారు. మర్నాడే ఇద్దర్నీ రమ్మన్నాను.

భార్య కోపంగా వస్తారనుకున్నాను. ఆవిడ తన తప్పు చెప్పుకోవడానికి వచ్చారు. యాప్ నుంచి మొదటి ఫోన్ వచ్చిన రోజే తనకు అనుమానం వచ్చిందట. “ఈయన చూస్తే అంత నింపాదిగా ఉన్నారు. నిజంగా ఏమైనా ఉంటే ఇలా ఉంటారా, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో అనుకున్నా.” ఆయనేమో, తను గట్టిగా అడగలేదు కాబట్టి అంత పెద్ద విషయం కాదేమో అనుకునేవాణ్ణి అన్నారు.

ఇది విన్నప్పుడు నాకు లటానే, డార్లీ అనే ఇద్దరు పరిశోధకుల పొగ గది గుర్తొచ్చింది. వాళ్ళు 1968లో ప్రచురించిన ప్రయోగం అది. న్యూయార్క్‌లో కొలంబియా విద్యార్థుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి ఫారాలు నింపమన్నారు. కాసేపటికి గోడలోని సందులోంచి పొగ రావడం మొదలైంది. ఒంటరిగా ఉన్నవాళ్ళలో 75 శాతం లేచి వెళ్ళి చెప్పారు. పక్కన ఇద్దరు మనుషులు, ముందే చెప్పి పెట్టినట్టుగా, పట్టించుకోకుండా రాసుకుంటూ కూర్చున్నప్పుడు లేచినవాళ్ళు పది శాతమే. మిగతావాళ్ళు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ, చేత్తో పొగను తోలుకుంటూ ఫారం నింపారు. తర్వాత అడిగితే ఆవిరనుకున్నామని, ఏసీలోంచి వచ్చిందనుకున్నామని చెప్పారు. మంట అనుకోలేదు.

కుక్క గదిలో ఒంటరిగా ఉంది. మన ఇళ్ళలో అలా కాదు, గదిలో ఇద్దరుంటారు, ఒకరి నింపాదిని చూసి ఇంకొకరు నింపాదిగా కూర్చుంటారు. ఆ రోజు నేను కలగజేసుకున్నది ఒక్క విషయంలోనే. ఆవిడ “కట్టారా?” అని అడగడం మానేసి, “ఎంత ఉంది, చూపించండి” అని ఆదివారం సాయంత్రం పావుగంట పక్కన కూర్చోవాలి. మొదటిదానికి స్టిక్కర్ పంపొచ్చు. రెండోదానికి ఫోన్ తెరవాలి.

అప్పు తీర్చే దారి చూపించడం నా పని కాదు, అది బ్యాంకులో తేలింది. ఆయన జీతం పడే బ్యాంకు, వాయిదాలు తప్పాయని పర్సనల్ లోన్ ఇవ్వలేదు. ఆ ‘కాదు’ విన్న రోజు ఆయన స్టిక్కర్ పంపకుండా ఇంటికి ఫోన్ చేశారు, నేను నోట్స్‌లో గీత కింద గీత గీసుకున్నాను. కార్డు ఇచ్చిన బ్యాంకే బాకీ మొత్తాన్ని 36 నెలల ఈఎంఐ కింద మార్చింది, ఏడాదికి 16 శాతం వడ్డీ. నెలకు సుమారు 9,100, వడ్డీ మీద జీఎస్టీ అదనం. ఇంతకుముందు కడుతున్న 13,000 కంటే తక్కువే, పైగా దీనికి ఆఖరు వాయిదా ఉంది. కార్డును ఆవిడ బీరువాలో పెట్టేశారు. మిగిలిన డబ్బుతో తప్పిన రెండు వాయిదాలూ కట్టేశాక కొత్త నంబర్ల ఫోన్లు ఆగాయి.

పది సెషన్లు అయ్యాక పీహెచ్‌క్యూ-9లో 6, జీఏడీ-7లో 5. రాత్రి రెండింటికి మెలకువ రావడం వారానికి ఒకరోజుకి తగ్గింది, ఛాతీ పట్టడం పోయింది. పోనివీ ఉన్నాయి. ఫ్లాటు ఇంకా ఇవ్వలేదు, అద్దె, ప్రీ-ఈఎంఐ రెండూ నడుస్తూనే ఉన్నాయి. దాని గురించి ఆయన చేయగలిగింది ఈ నెల ఏమీ లేదు కాబట్టి, ఆ విషయంలో ఆయన ‘పర్లేదు’ని నేను కదపలేదు.

మూడు నెలల తర్వాత ఫాలో-అప్‌కి వచ్చారు. నవ్వుతూ కూర్చుని, అంతా బాగుందన్నారు. ఆదివారం పావుగంట సాగుతోందట. ఆఫీసు ఎలా ఉందని అడిగాను. “పర్లేదు మేడమ్” అని, అన్నవెంటనే ఆగి, తల గోక్కున్నారు. అప్రైజల్ లెటర్ వచ్చి తొమ్మిది రోజులైంది, ఇంకా తెరవలేదట. “వందకి ఎంత?” అన్నాను. “అరవై” అన్నారు, జేబులోంచి ఫోన్ తీసి, వెల్లకిలా టేబుల్ మీద పెడుతూ.